లెన్స్ రావడం లేదా, కనిపించడం లేదా? గిల్లే ముందు ఇది చూసుకోండి

కంట్లోని కాంటాక్ట్ లెన్స్ తీద్దామని వేళ్లు పెడితే రాదు. ఇంకోసారి ప్రయత్నిస్తాం, ఊహూ. నాలుగోసారికి కన్ను ఎర్రబడుతుంది, టెన్షన్ పెరుగుతుంది, వేలు ముందుకన్నా గట్టిగా పడుతుంది. సాఫ్ట్ లెన్స్ ఇరుక్కున్నప్పుడు కంటికి దెబ్బ తగిలేది చాలాసార్లు లెన్స్ వల్ల కాదు, దాన్ని తీయబోయిన వేళ్ల వల్ల. అందుకే నా మాట ఒక్కటే: లెన్స్ కంట్లో ఉందని తెలిసి, అది కదులుతోందని చూసేదాకా గిల్లకండి.

ముందు ఒక భయం పోగొట్టుకోండి. లెన్స్ కంటి వెనక్కి వెళ్లిపోదు. తెల్లగుడ్డును కప్పి ఉండే పల్చని పొర రెప్ప కింద కొంతదూరం పోయి, అక్కడ మడత తిరిగి రెప్ప లోపలివైపుకు అతుకుతుంది. జేబుకు అడుగు ఉన్నట్టే దానికీ అడుగు ఉంది. అయితే ఆ జేబు, ముఖ్యంగా పై రెప్ప కింద, కాస్త లోతైనదే. 2017లో బీఎంజే అనే బ్రిటన్ వైద్య పత్రిక ఒక కేసు ప్రచురించింది: కాటరాక్ట్ ఆపరేషన్‌కు వచ్చిన 67 ఏళ్ల ఆవిడ ఒకే కంట్లోంచి 27 లెన్సులు తీశారు. అన్ని ఉన్నాయని ఆవిడకే తెలియదు. రెప్ప కింద దాక్కున్న లెన్స్ ఒక్కోసారి అక్కడుందని కూడా తెలియదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

అసలు లెన్స్ కంట్లో ఉందా?

సబ్బుతో చేతులు కడుక్కుని, నూగు రాలని గుడ్డతో తుడుచుకోండి. రెండో కన్ను మూసి దూరంగా ఉన్న అక్షరాలు చూడండి. ఎప్పటిలా స్పష్టంగా ఉంటే లెన్స్ తన చోటే ఉన్నట్టు. మసకగా ఉంటే పక్కకు జరిగిందనో, జారి పడిపోయిందనో అనుకోవాలి. పవర్ బాగా తక్కువైతే ఈ పరీక్షతో తేలదు, అప్పుడు అద్దంలో పక్కనుంచి వెలుతురు పడేలా నిలబడి చూడండి. సాఫ్ట్ లెన్స్ వెడల్పు సుమారు 14 మిల్లీమీటర్లు, నల్లగుడ్డు సుమారు 12. కాబట్టి లెన్స్ ఉంటే నల్లగుడ్డు చుట్టూ తెల్లగుడ్డు మీద సన్నని గీతలాంటి అంచు కనిపిస్తుంది. అది కనిపించకపోతే దిండు, చొక్కా, వాష్‌బేసిన్ కూడా వెతకండి.

లక్షణం: చూపు బాగానే ఉంది, లెన్స్ మాత్రం కదలదు

కారణం దాదాపు ఎప్పుడూ ఎండిపోవడమే. లెన్స్‌తోనే కునుకు తీసినా, గంటల తరబడి ఏసీలో స్క్రీన్ చూసినా లెన్స్‌లోని తడి తగ్గుతుంది. దాని కింద ఉండాల్సిన కన్నీటి పొర పల్చబడి, లెన్స్ కంటిని పట్టేస్తుంది.

లెన్స్ మీద వేసుకోదగిన రీవెట్టింగ్ డ్రాప్స్ గానీ, ప్రిజర్వేటివ్ లేని ఆర్టిఫిషియల్ టియర్స్ గానీ రెండు మూడు చుక్కలు వేసి కన్ను మూయండి. స్టెరైల్ సెలైన్ అయినా సరే. ఐదు నుంచి పది నిమిషాలు ఆగండి. ఈ ఆగడమే అసలు వైద్యం, జనం తప్పేది కూడా ఇక్కడే. తర్వాత నాలుగైదుసార్లు నెమ్మదిగా రెప్పలు ఆడించి, పైకి చూస్తూ, వేలి మెత్తటి భాగంతో లెన్స్ కింది అంచును కిందికి జరపండి. జరిగితే తెల్లగుడ్డు మీదికి తెచ్చాకే రెండు వేళ్ల మెత్తటి భాగాలతో పట్టి తీయండి. జరగకపోతే మళ్లీ చుక్కలు, మళ్లీ పది నిమిషాలు.

కుళాయి నీళ్లు మాత్రం వద్దు. అందులో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు, అది కంట్లో చేరితే వచ్చే ఇన్‌ఫెక్షన్ చూపు మీదికి తెస్తుంది. పైగా మామూలు నీళ్లు తగిలితే సాఫ్ట్ లెన్స్ కంటికి ఇంకా గట్టిగా అంటుకుంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న లెన్స్ సొల్యూషన్‌ను నేరుగా కంట్లో అసలే పోయకూడదు, మండిపోతుంది.

లక్షణం: చూపు మసక, పై రెప్ప కింద ఏదో ఉన్నట్టుంది

కన్ను నలపగానే ఇలా అయితే లెన్స్ మడతపడి పైకి పోయి ఉంటుంది. మా చెల్లికి సరిగ్గా ఇదే జరిగింది. మధ్యాహ్నం లెన్స్‌తోనే రెండు గంటలు నిద్రపోయి, లేస్తూనే కుడికన్ను నలిపేసింది. నేను గదిలోకి వెళ్లేసరికే అద్దం ముందు నాలుగైదుసార్లు గిల్లేసి ఉంది. "అక్కా, దొరకట్లేదే" అని ఏడుపు. ఎడమకన్ను మూసి గోడ మీది క్యాలెండర్ చూడమంటే అంకెలు మసకగా ఉన్నాయంది. అంటే తను గిల్లుతున్నచోట లెన్స్ లేదు, ఉన్నది నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, ఒట్టి కార్నియా.

మూడు చుక్కలు వేసి పది నిమిషాలు పడుకోబెట్టాను. తర్వాత గడ్డం పైకెత్తి, చూపు మాత్రం బాగా కిందికి దించమని, రెప్పను వెంట్రుకల దగ్గర పట్టి పైకెత్తి, పక్కనుంచి టార్చ్ వేశాను. తెల్లగుడ్డు పైభాగంలో నీటిగీతలాంటి మెరుపు కనిపించింది. అదే లెన్స్ మడత. కన్ను మూయించి, చూపు కిందికే ఉంచి, రెప్ప మీద కనుబొమ్మవైపు నుంచి వెంట్రుకలవైపుకు వేలితో మెల్లగా, నొక్కకుండా నిమిరాను. మొదటిసారి రాలేదు. మళ్లీ చుక్కలు వేసి ఆగాం. రెండోసారి బయటి మూలకు చిన్న పుల్లలా చుట్టుకుని జారింది. అంటుకున్న మడతను కంట్లో విప్పబోలేదు, అలాగే తీసేశాను.

తీశాక ఒక పని మరిచిపోవద్దు. లెన్స్‌ను అరచేతిలో సొల్యూషన్ వేసి విప్పి, అంచంతా చుట్టూ చూడండి. చిన్న ముక్క తెగి ఉన్నా అది ఇంకా కంట్లోనే ఉండొచ్చు. చిరిగిన లెన్స్‌ను మళ్లీ పెట్టుకోవద్దు.

లక్షణం: ఏమీ కనిపించదు, కానీ గుచ్చుకుంటోంది

అందరూ బోల్తాపడేది ఇక్కడే. గోరు తగిలి కార్నియా గీరుకున్నా అచ్చం లెన్స్ ఉన్నట్టే అనిపిస్తుంది. "ఇంకా లోపలే ఉంది" అనుకుని మళ్లీ గిల్లుతాం, గీత పెద్దదవుతుంది. చెల్లికి లెన్స్ చెక్కుచెదరకుండా వచ్చినా మర్నాడు పొద్దున్న గరగరలాడుతూనే ఉంది, వెలుతురు చూడలేకపోయింది. కంటి డాక్టర్ పసుపు రంగు చుక్క వేసి నీలి కాంతిలో చూస్తే కార్నియా మీద గీత మెరిసింది. గిల్లిన వేళ్లదే అది. ఆ రంగు సాఫ్ట్ లెన్స్‌కూ పడుతుంది కాబట్టి, రెప్ప కింద దాగిన లెన్స్ గానీ ముక్క గానీ ఉంటే అదీ బయటపడుతుంది. రెప్పను తిరగేసి చూడటం కూడా వాళ్ల పనే, ఇంట్లో ప్రయత్నించవద్దు.

ఎక్కడ ఆపాలి

చుక్కలు వేసి ఆగడం మూడుసార్లు చేసినా లెన్స్ కదలకపోతే, లేదా ఎక్కడుందో కనిపించకపోతే ఆపేయండి, అదే రోజు కంటి డాక్టర్‌కు చూపించండి. గట్టి నొప్పి, పెరుగుతున్న ఎరుపు, వెలుతురు భరించలేకపోవడం, చీము, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, లెన్స్ తీశాక కూడా పోని మసక, వీటిలో ఏది ఉన్నా మూడుసార్ల లెక్క చూడకండి, రాత్రయినా వెంటనే బయల్దేరండి. కొద్దిపాటి గరగర లెన్స్ తీశాక కొన్ని గంటల్లో తగ్గిపోవాలి. తగ్గకుండా పెరుగుతుంటే అదీ చూపించాల్సిందే.

ఇంట్లో మిగిలిన పాత చుక్కలమందు, ముఖ్యంగా స్టెరాయిడ్ ఉన్నది, వేయకండి. ఇన్‌ఫెక్షన్ ఉంటే అది ముదురుతుంది. రెండో కంట్లో లెన్స్ కూడా తీసేసి కళ్లజోడు పెట్టుకోండి. తీసిన లెన్స్‌నూ, డబ్బానూ కడగకుండా వెంట తీసుకెళ్లండి. ఇన్‌ఫెక్షన్ అనుమానం వస్తే డాక్టర్ వాటిని ల్యాబ్‌కు పంపాల్సి రావొచ్చు.