పాప డైపర్ ర్యాష్ గురించి ఆన్‌లైన్‌లో అడిగే ముందు జాగ్రత్తలు

☐ ఫోటో పెట్టకండి. అభ్యంతరకర ఫోటోలను తనంతట తానే తీసేసే సైట్ ఫిల్టర్‌కు మీరు తల్లి అని తెలియదు. అది ముఖ్యంగా చూసేది చర్మం ఎంత కనబడుతోంది, అందులో పసిబిడ్డ ఉందా అన్నదే. అందుకే ర్యాష్ ఫోటో కూడా క్షణాల్లో పోవచ్చు. పిల్లల విషయంలో అంత కఠినంగా ఉండటమే సరి అని నా అభిప్రాయం.

☐ తీసేస్తే కోపంతో మళ్లీ మళ్లీ పెట్టకండి, కత్తిరించి కూడా వద్దు. ఖాతా ఆగిపోవచ్చు. పొరపాటున తీసేశారనిపిస్తే అప్పీల్ చేయండి.

☐ ఫోటోలో కనిపించేదాన్ని మాటల్లో రాయండి. మా చెల్లి మొదట "ఇది చూసి ఏంటో చెప్పండి" అని ఫోటో పెట్టింది, అది పోయింది. తర్వాత ఇలా రాసింది: "పాపకు 8 నెలలు. మూడు రోజులుగా డైపర్ కింద ఎర్రగా ఉంది. తొడల మడతల్లో ఎక్కువ, చుట్టూ చిన్న ఎర్ర చుక్కలు. జ్వరం లేదు. జింక్ క్రీమ్ రాసినా తగ్గలేదు."

ఇందులో మడతల మాటే కీలకం. తడి వల్ల వచ్చే మామూలు ర్యాష్ సాధారణంగా మడతల్లోకి పోదు. మడతల్లో ఎరుపు, చుట్టూ చుక్కలు ఉంటే ఫంగస్ అనుమానం, అప్పుడు మందు వేరు. ఫోటో లేకున్నా, చదివినవాళ్లు ఆ తేడా చెప్పగలిగారు.

☐ జ్వరం, చీము, పొక్కులు ఉంటే రాస్తూ కూర్చోకండి. పాపను నేరుగా పిల్లల డాక్టర్‌కు చూపించండి.