బ్రాయిలర్ ప్రాసెసింగ్ ప్రాక్టికల్: జాగ్రత్త ముందురోజు రాత్రే మొదలవ్వాలి

ప్రాసెసింగ్ ప్రాక్టికల్ అనగానే అందరి టెన్షన్ కత్తి గురించి, వేడినీళ్ల గురించే. కానీ మాంసాన్ని ఎక్కువగా పాడుచేసేది చిట్లిన పేగు. అది చిట్లుతుందా లేదా అన్నది చాలావరకు దాణా ఎప్పుడు ఆపామన్న దాన్ని బట్టి ఉంటుంది.

కోతకు 8 నుంచి 12 గంటల ముందు దాణా తీసేయాలి. ఈ లెక్క మొదటి కోడికే కాదు, చివరి కోడికీ సరిపోవాలి. ఉదయం 6కు మొదలుపెట్టి 8కి ముగిస్తారనుకుందాం. రాత్రి 9కి దాణా తీస్తే మొదటి కోడికి 9 గంటలు, చివరిదానికి 11 గంటలు అవుతుంది. బాగానే ఉంది. అదే పని 2 గంటలు ఆలస్యంగా మొదలైతే చివరి కోళ్లు 13 గంటలు ఆకలితో ఉంటాయి. అందుకే ఆలస్యమయ్యేలా ఉంటే ఆ మాట దాణా తీయకముందే ఫామ్‌కు చెప్పాలి. నీళ్లు మాత్రం కోళ్లను పట్టేదాకా ఉంచండి. గొంతు సంచిలోని దాణా కిందికి దిగడానికి నీళ్లే సాయం.

లెక్క తప్పిందో లేదో పొట్ట తెరవగానే తెలిసిపోతుంది. పేగులు గుండ్రంగా, నిండుగా ఉంటే టైమ్ చాలలేదు. చదునుగా ఉంటే సరిపోయింది. నీళ్లతో, గాలితో ఉబ్బి, కొంచెం లాగితేనే తెగుతుంటే టైమ్ ఎక్కువైంది. అలాంటప్పుడు పిత్తాశయం కూడా పెద్దదై ఉంటుంది. ఆకలి ముదిరితే కోళ్లు కింద పరిచిన లిట్టర్‌ను పొడుస్తాయి, గొంతు సంచిలో సాల్మొనెల్లా వంటి క్రిములు పెరిగే అవకాశమూ ఎక్కువ. కాబట్టి ఎక్కువసేపు ఆపితే పొట్ట ఇంకా శుభ్రంగా ఉంటుందనుకోవద్దు.

వేడినీళ్లలో ముంచే ముందు రక్తం పూర్తిగా కారిందా, ఊపిరి ఆగిందా చూడండి. ఊపిరి ఉండగా ముంచితే మురికినీళ్లు లోపలికి పోతాయి. నీటి వేడిని థర్మామీటర్‌తోనే చూడాలి. 58 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు ఒక నిమిషం చాలు. ఛాతీ మాంసం పైపొర తెల్లగా ఉడికినట్టు కనిపించినా, చర్మం చిరుగుతున్నా వేడి గానీ సమయం గానీ ఎక్కువైనట్టే.

పేగులు తీసేటప్పుడు మలద్వారం చుట్టూ కత్తి లోతుగా దింపొద్దు, దాని వెనకే పేగు ఉంటుంది. ఒకవేళ తెగి మలం అంటుకుంటే వెంటనే నీళ్లు కొట్టాలనిపిస్తుంది. అలా చేస్తే మురికి మిగతా చర్మానికి పాకుతుంది. ముందు ఆ భాగాన్ని కోసి తీసేసి, తర్వాతే కడగండి. కత్తిని, చేతులను కూడా శుభ్రం చేసుకున్నాకే పక్క కోడిని ముట్టుకోవాలి.

తర్వాత ఆలస్యం చేయకుండా ఐసునీటిలో వేయండి. ఛాతీ మాంసం మధ్యలో థర్మామీటర్ గుచ్చినప్పుడు, 4 గంటలలోపే 4 డిగ్రీలకు దిగి ఉండాలి. నీరు చల్లగా ఉంది కదా అని సరిపెట్టుకోవద్దు. ఒకదానిపై ఒకటి కుక్కేస్తే మధ్యలోవి వేడిగానే ఉండిపోతాయి. ఐసు కలుపుతూ, కోళ్లను కదుపుతూ ఉండాలి.