జాబితాలో ఒక్కో లైను ఒక్కోలా ముగుస్తోందా? సమస్య - పరిష్కారం

కొన్నాళ్ల క్రితం మా ఆఫీసులో పాత ల్యాప్‌టాప్‌లు వెనక్కి తీసుకున్నారు. అప్పుడు అందరికీ పంపడానికి నేనొక చిన్న జాబితా రాశాను:

పాత ల్యాప్‌టాప్ అప్పగించే ముందు మీరు:

- ఫైళ్లన్నీ బ్యాకప్ తీసుకోవాలి
- పాస్‌వర్డ్‌ల తొలగింపు
- అన్ని అకౌంట్ల నుంచి లాగౌట్ అవ్వండి
- ఛార్జర్, మౌస్ కూడా
- డిస్క్ ఫార్మాట్ చేయబడి ఉండాలి
- ఫార్మాట్ చేస్తే ఫైళ్లు తిరిగి రావు

రాసినప్పుడు నాకు ఏ తప్పూ కనబడలేదు. విడివిడిగా చదివితే ప్రతి లైనూ బాగానే ఉంది మరి. వరసగా చదివితేనే గతుకుల రోడ్డు మీద వెళ్తున్నట్టు ఉంటుంది.

లక్షణం: చదువుతుంటే తడబాటు, కారణం మాత్రం చెప్పలేం

ఎడమ వైపును చేత్తో మూసి, ప్రతి లైనులో చివరి మాట మాత్రమే చదవండి. పై జాబితాలో ఇవి కనిపిస్తాయి: తీసుకోవాలి, తొలగింపు, అవ్వండి, కూడా, ఉండాలి, రావు. ఆరు లైన్లలో ఎన్ని రకాల ముగింపులు ఉన్నాయో చూశారా!

ఇంగ్లీషు జాబితాలు సరిచూసేవాళ్లు ప్రతి అంశంలో మొదటి మాట చూడమంటారు, ఎందుకంటే అక్కడ ఆజ్ఞ చెప్పే క్రియ ముందే వస్తుంది. ఆ సలహా తెలుగుకు పనికిరాదు. మన క్రియ చివర్లో ఉంటుంది, విభక్తి కూడా మాట చివరే అతుక్కుంటుంది. పై జాబితాలో మొదటి మాటలు ఫైళ్లన్నీ, పాస్‌వర్డ్‌ల, అన్ని, ఛార్జర్. అవి చూస్తే అంతా సవ్యంగానే ఉన్నట్టు అనిపిస్తుంది. తెలుగు జాబితాకు జబ్బు తోకలోనే ఉంటుంది.

కారణం: సగంలో ఆగిన పై వాక్యం

'అప్పగించే ముందు మీరు' అని ఆపి కోలన్ పెట్టాను. అంటే వాక్యం పూర్తి చేసే బాధ్యతను ప్రతి అంశం మీదా వేశాను. ఒకటి 'వాలి'తో, ఇంకోటి 'అండి'తో, మరోటి నామవాచకంతో, ఇలా దేనికది తనకు తోచినట్టు ముగించింది. 'మీరు పాస్‌వర్డ్‌ల తొలగింపు' అని కలిపి చదివితే అది వాక్యమే కాదని వెంటనే తెలిసిపోతుంది.

పరిష్కారం

పై వాక్యాన్ని అక్కడే పూర్తి చేసేయండి. 'పాత ల్యాప్‌టాప్ అప్పగించే ముందు వరసగా ఈ పనులు చేయండి' అంటే సరిపోతుంది. ఆ వాక్యం చేయమని అడుగుతోంది కాబట్టి కింద లైన్లన్నీ 'అండి'తో ముగియాలి. అదే 'ఈ ఉద్యోగంలో ఉండే పనులు' లాంటి శీర్షిక అయితే 'లెక్కలు రాయడం', 'బిల్లులు సరిచూడడం' అని 'డం'తో రాయొచ్చు. మనిషి ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సిన అంచెలకు మాత్రం 'డం' వద్దనే చెబుతాను. తీసుకోవడం, తీసేయడం, చేయడం అని చదువుతుంటే ఎవరు చేయాలో తెలియదు.

ఇప్పుడు లైన్లు మార్చుదాం. మొదటిది తేలిక: 'ఫైళ్లన్నీ బ్యాకప్ తీసుకోండి'. రెండోది 'బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు తీసేయండి'. మూడోది ఎలాగూ సరిగ్గానే ఉంది. 'ఫార్మాట్ చేయబడి ఉండాలి' అన్నది 'డిస్క్ ఫార్మాట్ చేయండి' అయిపోతుంది.

నాలుగోదాని దగ్గర ఆగాల్సి వచ్చింది. 'ఛార్జర్, మౌస్ కూడా'. కూడా ఏం చేయాలి? ఇవ్వాలా, ఉంచుకోవాలా? నా ఉద్దేశం ఇచ్చేయమని. కానీ ఆ మాట లైనులో ఎక్కడా లేదు. ఆ జాబితా చదివిన ఒకాయన ఛార్జర్‌ను కూడా ఇంటికి తీసుకెళ్లాలనుకుని తీసుకెళ్లిపోయాడు. తప్పు ఆయనది కాదు, నాది. క్రియ లేని లైను చూడటానికి చిన్నగా, ముద్దుగా ఉంటుంది గానీ మిగతావాటిలా ముగిద్దామని కూర్చుంటేనే అందులో ఏం తప్పిపోయిందో బయటపడుతుంది. 'ఛార్జర్, మౌస్ ల్యాప్‌టాప్‌తో పాటే ఇవ్వండి' అని రాస్తే గొడవ లేదు. ఇది ఫార్మాట్ తర్వాత చేసే పని, కాబట్టి చివరికి వెళ్లాలి.

లక్షణం: ఒక లైను ఎంత మార్చినా ఇమడదు

'ఫార్మాట్ చేస్తే ఫైళ్లు తిరిగి రావు' అన్నదాన్ని 'అండి'లోకి తేవాలని చూస్తే 'ఫైళ్లు తిరిగి రావని గమనించండి' అవుతుంది. ముగింపు కుదిరింది, లైను మాత్రం ఇంకా పరాయిదే. ఎందుకంటే అది పని కాదు, హెచ్చరిక. ఇలాంటి చోట వ్యాకరణంతో కుస్తీ పట్టకండి. దాన్ని జాబితాలోంచి తీసి, సంబంధం ఉన్న అంశానికే కలిపేయండి. సరిచేసిన జాబితా ఇది:

పాత ల్యాప్‌టాప్ అప్పగించే ముందు వరసగా ఈ పనులు చేయండి:

- ఫైళ్లన్నీ బ్యాకప్ తీసుకోండి.
- బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు తీసేయండి.
- అన్ని అకౌంట్ల నుంచి లాగౌట్ అవ్వండి.
- బ్యాకప్ తెరిచి చూసుకున్నాకే డిస్క్ ఫార్మాట్ చేయండి. ఆ తర్వాత ఫైళ్లు తిరిగి రావు.
- ఛార్జర్, మౌస్ ల్యాప్‌టాప్‌తో పాటే ఇవ్వండి.

నాలుగో అంశం మిగతావాటికంటే పొడుగ్గా ఉంది. ఉండనివ్వండి. సమానంగా ఉండాల్సింది పొడవు కాదు, మొదటి వాక్యం ముగిసే తీరు.

లక్షణం: క్రియలు లేవు, అయినా ఎగుడుదిగుడుగా ఉంది

'ఈ కార్డు అవసరమయ్యే సందర్భాలు: కొత్త సిమ్‌కు, ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు, లోన్.' ఇక్కడ చిక్కు విభక్తులది. ఒకదానికి 'కు' ఉంది, ఇంకోటి 'టప్పుడు'తో ముగిసింది, మూడోదానికి ఏమీ లేదు. పై మాట 'సందర్భాలు' కాబట్టి సందర్భం చెప్పే రూపమే మూడింటికీ నప్పుతుంది: కొత్త సిమ్ తీసుకునేటప్పుడు, ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు, లోన్‌కు దరఖాస్తు చేసేటప్పుడు. అన్నిసార్లు 'టప్పుడు' వినలేం అనిపిస్తే పై వాక్యాన్నే మార్చేయండి. 'ఈ కార్డు వీటికి అవసరం' అంటే 'కు' పనిని ఆ 'వీటికి' చేసేస్తుంది. కింద కొత్త సిమ్, అద్దె ఇల్లు, లోన్ అని విడి మాటలు చాలు. 'కింది వాటిని సరిచూసుకోండి' అన్నాక కూడా అంతే. పేరు, పుట్టిన తేదీ, చిరునామా అని రాయాలి, మధ్యలో ఒక్కదానికే 'తేదీని' అని తగిలించకూడదు.

మందు ఎక్కువైతే

ముగింపులు ఒకటి చేయాలన్న పట్టుదలలో కొందరు 'బ్యాకప్ తీసుకోవడం చేయండి', 'లాగౌట్ అవ్వడం జరగాలి' దాకా పోతారు. సమానంగా ఉండాల్సింది క్రియారూపం. అక్షరాలు ఒకేలా ఉండాలని లేదు. తీసుకోండి, అవ్వండి, వద్దనాల్సి వస్తే 'ఇవ్వకండి', మూడూ ఒకే వరసలో హాయిగా ఇముడుతాయి. అయితే వద్దనేవి రెండు మూడు ఉంటే, చేయాల్సినవాటి మధ్య ఇరికించకుండా వేరే జాబితాగా పెట్టడం మేలు. హడావుడిగా చదివేవాళ్ల కంటికి ఆ 'క' ఆనదు.

ఇంకో చిక్కు తర్వాత వస్తుంది. నలుగురు చేతులు పెట్టే జాబితాలో ఎవరో ఒకరు నెల తర్వాత చివర 'ఐడీ కార్డు' అని చేర్చి వెళ్లిపోతారు. పై వాక్యం 'ఈ పనులు చేయండి' అని పూర్తిగా ఉంటే, ఆ కొత్త లైను కింద తేలిపోతూ కనిపిస్తుంది. ఇవ్వాలా, ఉంచుకోవాలా అని చేర్చినవాళ్లనే అడగొచ్చు.