రివ్యూ వీడియోలో చొక్కా మీది కంపెనీ పేరు: సమస్య - పరిష్కారం

పోయిన వేసవిలో విశాఖపట్నం తెన్నేటి పార్కు దగ్గర బీచ్ రోడ్డు మీద వాకింగ్ బూట్ల రివ్యూ తీశాం. కెమెరా మా తమ్ముడిది, మాట్లాడింది నేను. బూట్లు నా డబ్బుతో కొన్నవే. నెల రోజులు నడిచేసరికి మడమ దగ్గర సోలు అరిగిపోయింది, ఆ సంగతి చూపించి మరీ చెప్పాను. ఏడు నిమిషాల వీడియో చూసి మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. అన్నయ్య అడిగిన మొదటి మాట, "ఆ టీషర్టు కంపెనీ వాళ్ళు ఎంతిచ్చారే?"

నా టీషర్టు మీద ఇంకో స్పోర్ట్స్ కంపెనీ పేరు జానెడు పొడవున ఉంది. వాళ్ళూ బూట్లు అమ్ముతారు. అంటే ఒక కంపెనీ సోలు అరిగిందని చెబుతూ, దాని పోటీ కంపెనీ పేరు గుండెల మీద పెట్టుకుని నిలబడ్డానన్నమాట. కొనుక్కున్న చొక్కా వేసుకోవడం తప్పేమీ కాదు. కానీ నేను చెప్పిన నిజం అమ్ముడుపోయిన మాటలా వినిపించింది. అప్పటినుంచి ఆ పేరు కనిపించకుండా చేయడానికి పడిన పాట్లలో ఏవి పనిచేశాయో, ఏవి చేయలేదో ఇక్కడ రాస్తున్నాను.

సమస్య: మాట్లాడింది బూట్ల గురించి, చూసినవాళ్ళకి గుర్తుంది చొక్కా

కారణం ఫ్రేములో ఉంది. మనిషిని నడుము పైనుంచి తీస్తే ముఖం పైకి వెళ్ళి, ఛాతీ సరిగ్గా తెర మధ్యకి వస్తుంది. నా వీడియోలో బూట్లు కనిపించింది మొత్తం మీద రెండు నిమిషాలు. చొక్కా మాత్రం దాదాపు చివరిదాకా ఉంది. చూసేవాడి కన్ను అక్షరాలు కనిపిస్తే చదవకుండా ఉండలేదు.

ఏ రాతా లేని బట్టలు రెండు జతలు షూటింగుకని విడిగా పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. అవి దగ్గర లేనప్పుడు చాలామంది టీషర్టు తిరగేసి వేసుకుంటారు. మందమైన బట్టకి అది పనికొస్తుంది. పల్చటి బట్టకైతే ఎండలో ముద్ర వెనకనుంచి అద్దంలో రాతలా తేలుతుంది, భుజాల దగ్గర కుట్లూ బయటపడతాయి. చున్నీ కప్పుకున్నా, పైన చొక్కా వేసుకుని బొత్తాలు వదిలేసినా సముద్రపు గాలి ఊరుకోదు. లోపలినుంచి రెండు పిన్నీసులు పెట్టకపోతే నడిచే షాట్‌లో ప్రతి నాలుగడుగులకీ పేరు తొంగిచూస్తుంది.

సమస్య: టేపు వేశాను, ఊడిపోతోంది, ఊడకపోతే ఎబ్బెట్టుగా ఉంది

రెండోసారి నేను చేసిన పని ఇదే. నల్ల టీషర్టు కదా అని ఇంట్లో ఉన్న నల్ల కరెంటు టేపు అంటించాను. పది నిమిషాల్లో అంచులు లేచాయి. మన ఊరి ఉక్కపోతలో చెమటకి బట్ట తడుస్తుంది, తడిసిన బట్ట మీద జిగురు నిలవదు. పైగా టీషర్టు అల్లిక బట్ట, ఊపిరి పీల్చినా సాగుతుంది. టేపు ఆ బట్టతో పాటు సాగదు. అందుకే ముందు మూలలు లేస్తాయి. లేవకుండా ఉన్నంతసేపూ ఆ ప్లాస్టిక్ ఎండకి మెరుస్తుంది. మెత్తటి బట్ట మీద మెరిసే నల్ల దీర్ఘచతురస్రం ఉంటే, 'ఇక్కడ ఏదో దాచారు' అని చాటింపు వేసినట్టే. కాలరు మైకు దగ్గర్లో ఉంటే, లేచిన అంచు దానికి రాసుకుని చిటపటమంటుంది కూడా.

టేపే వాడాలంటే సినిమా, టీవీ షూటింగుల్లో వాడే గుడ్డ టేపు నయం. దాని పైభాగం మెరవదు. వేసే ముందు బట్ట పొడిగా ఉండాలి, మూలలు కత్తెరతో గుండ్రంగా కత్తిరించాలి. చతురస్రపు మూల త్వరగా లేస్తుంది, గుండ్రటిది అంత త్వరగా లేవదు. షూటింగు అయిన వెంటనే పీకేయాలి. టేపుతోనే ఉతికితే జిగురు బట్టలోకి దిగిపోతుంది.

నాకు నిజంగా పనిచేసింది మాసిక. ఎంవీపీ కాలనీలో మాకు బట్టలు కుట్టే దర్జీ బాబాయి దగ్గరికి వెళ్ళి, పేరు మీద గుడ్డముక్క వేసి కుట్టమన్నాను. ఆయన టీషర్టు తిప్పి చూసి, "ఏటమ్మా, చిరగని బట్టకి మాసికేటి?" అన్నాడు. సంగతి చెప్పాక కాసేపు ఆలోచించి, "పేరు మేరకి ముక్కేస్తే అతుకులాగే కనబడిపోద్ది. ఈ చంకకాడ కుట్టు నుంచి ఆ చంకకాడ కుట్టు దాకా పట్టీ ఏసేత్తాను. డిజైను అనుకుంటారు" అన్నాడు.

కిటుకంతా ఆ మాటలోనే ఉంది. కన్ను అతుకుని పట్టుకునేది రంగు తేడాని బట్టి కాదు, అంచుని బట్టి. ఛాతీ మధ్యలో మొదలై మధ్యలోనే ఆగిపోయే ముక్క అతుకులా ఉంటుంది. ఒక కుట్టు దగ్గర మొదలై ఇంకో కుట్టు దగ్గర ఆగే పట్టీ చొక్కాలో భాగంలా ఉంటుంది. అదే లెక్కన, ఎడమవైపు చిన్న గుర్తు ఉంటే దాని మీద జేబు ఆకారంలో ముక్క కుట్టించండి. జేబు అక్కడ ఉండాల్సిందే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ముక్క కూడా పాత టీషర్టు నుంచి కత్తిరించిన అల్లిక బట్టే కావాలి, అదీ సాగే దిక్కు కలిసేలా. నేత గుడ్డ వేస్తే చేయి ఎత్తినప్పుడల్లా చుట్టూ ముడతలు పడతాయి. అక్షరాల కంటే పైనా కిందా ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కువ వదలండి. రంగు కలిసిందో లేదో గదిలో కాక ఆరుబయట చూడండి. ట్యూబులైటు కింద ఒకేలా కనిపించిన రెండు నలుపులు ఎండలో ఒకటి గోధుమగా, ఒకటి నీలంగా తేలాయి నాకు. తర్వాత విప్పుకోవాలనుకుంటే మిషను కుట్టు వద్దు, చేత్తో పొడుగు టాకాలు చాలు. వేడితో అంటుకునే ముక్కలైతే వాడకండి. ఇస్త్రీ వేడికి కింద ఉన్న రబ్బరు ముద్ర మెత్తబడి బట్టంతా పాడవుతుంది.

సమస్య: సగం కప్పాను, అయినా గుర్తుపట్టేస్తున్నారు

పేరున్న కంపెనీల గుర్తులు చదవక్కర్లేదు, ఆకారం చూస్తే చాలు. చివరి రెండక్షరాలు మూసినా, మధ్యలో గీత పెట్టినా మిగతాది మెదడు పూరించేసుకుంటుంది. మూస్తే పూర్తిగా మూయండి. భుజాల మీది చారలు, చేతి అంచున చిన్న గుర్తు, వీపున మెడ కింద పేరు, ఇవీ చూసుకోండి. నడుస్తూ తీసిన షాట్‌లో నేను వెనక్కి తిరిగే దాకా ఆ వీపు మీది పేరు సంగతే నాకు తట్టలేదు.

సమస్య: షూటింగు అయిపోయింది, ఇప్పుడేం చేయాలి?

మసక వేయడానికి తొందరపడకండి. ముందు కోతతో పోతుందేమో చూడండి. 4కె లో తీసి ఫుల్ హెచ్‌డీలో పెట్టేవాళ్ళకి పెద్ద వెసులుబాటు ఉంది. 4కె వెడల్పు 3840 పిక్సెళ్ళు, ఫుల్ హెచ్‌డీకి కావలసింది 1920. కాబట్టి బొమ్మని రెండింతల దాకా దగ్గరికి లాగినా స్పష్టత తగ్గదు. నా ఏడు నిమిషాల వీడియోలో చొక్కా పేరు ఉన్న షాట్లు నాలుగు. వాటిలో రెండు షాట్లలో ముఖం దగ్గరికి లాగితే ఛాతీ ఫ్రేము కిందికి జారిపోయింది. మూడోదాని మీద బూటు సోలు బొమ్మ వేసి, మాట మాత్రం ఉంచాను. మిగిలింది నలభై సెకన్ల నడక షాట్ ఒక్కటే.

దానికి మసక తప్పలేదు, అక్కడే మళ్ళీ చిక్కొచ్చింది. సెకనుకి 30 ఫ్రేముల లెక్కన అది 1200 ఫ్రేములు. డావించీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో Color పేజీకి వెళ్ళి, పేరు చుట్టూ Window గీసి, దాన్ని Tracker తో వెంట నడిపించి, Blur పెంచాను. మొదటి పది సెకన్లు బాగానే వెళ్ళింది. బూటు చూపించడానికి చేయి ఛాతీకి అడ్డం వచ్చేసరికి మసక చేతిని పట్టుకుని దాంతో పాటు వెళ్ళిపోయింది. ట్రాకర్ చూసేది పేరుని కాదు, ఆ గీసిన చోట ఉన్న మచ్చల్ని, అంచుల్ని. చేయి వస్తే వాటి బదులు చేతి అంచులు దొరుకుతాయి.

చేయి తగలడానికి రెండు మూడు ఫ్రేముల ముందే ట్రాకింగ్ ఆపాలి. చేయి దాటిపోయిన ఫ్రేముకి వెళ్ళి, ట్రాకర్‌ని Clip నుంచి Frame కి మార్చి, విండోని చేత్తో పేరు మీదికి జరపాలి. మధ్య దారిని అది తనే పూరించుకుంటుంది. అక్కడినుంచి Clip కి మార్చి మళ్ళీ ముందుకు నడిపించాలి. అయిపోయాక మామూలు వేగంలో కాక ఒక్కో ఫ్రేము జరుపుతూ చూడండి. పేరు ఒక్క ఫ్రేములో బయటపడినా ఎవరో ఒకరు అక్కడే ఆపుతారు.

ఇంకొక తంటా ఏమిటంటే, ముదురు బట్ట మీద తెల్ల అక్షరాలుంటే మసక వేశాక అక్కడ బూడిద రంగు మచ్చ మిగులుతుంది. అదే విండోలో వెలుతురు తగ్గించి చుట్టుపక్కల బట్ట రంగుకి తెస్తే సర్దుకుంటుంది. విండో అంచులు మెత్తగా ఉంచండి. చిన్న చిన్న గళ్ళుగా చేసే మొజాయిక్ నాకు నచ్చదు. అది కన్నుని పేరు కంటే గట్టిగా లాగుతుంది.

వీడియో యూట్యూబ్‌లో పెట్టేశాక తెలిసిందా? తీసేసి మళ్ళీ పెట్టక్కర్లేదు. యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో Editor తెరిచి, Blur లో Custom blur ఎంచుకుని, పెట్టె గీసి Track blur పెట్టండి. లింకు, చూసినవాళ్ళ లెక్క అలాగే ఉంటాయి. మార్పు తయారయ్యేదాకా పాతదే కనిపిస్తుంది. ఈ మసక మీరు విడిగా పెట్టిన థంబ్‌నెయిల్‌కి వర్తించదు, ముందే కత్తిరించుకున్న షార్ట్స్‌కీ వర్తించదు. వాటిని విడిగా మార్చాలి. నేను వీడియో అంతా సరిచేసి థంబ్‌నెయిల్‌లో పేరు అలాగే వదిలేశాను. మళ్ళీ అన్నయ్యే చూసి చెప్పాడు.

సమస్య: ఆ చొక్కా కంపెనీ వాళ్ళు ఇచ్చిందే అయితే?

అప్పుడు కప్పకూడదు. కప్పితే లేని సంబంధాన్ని తోసిపుచ్చడం కాదు, ఉన్న సంబంధాన్ని దాచడం అవుతుంది. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2021లో తెచ్చిన ఇన్‌ఫ్లుయెన్సర్ మార్గదర్శకాల ప్రకారం డబ్బే అందనక్కర్లేదు. అడగకుండా పంపిన వస్తువు, బహుమతి, తగ్గింపు కూడా సంబంధం కిందికే వస్తాయి. అలాంటి సంబంధం ఉండి ఆ సరుకు గురించి చెబితే వీడియోలో ఆ సంగతి రాయాలి. రెండు నిమిషాలు దాటిన వీడియోల్లో ఆ సరుకు ప్రస్తావన ఉన్న భాగమంతా ఆ రాత తెర మీద ఉండాలి. ఏ సంబంధమూ లేకుండా తాను కొనుక్కున్నదాని గురించి చెబితే అది ప్రకటన కాదని కూడా అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. నిజంగా స్పాన్సర్‌షిప్ ఉంటే యూట్యూబ్‌లో పెయిడ్ ప్రమోషన్ పెట్టె టిక్ చేయాలి. అప్పుడు వీడియో మొదట్లో పది సెకన్లు ఆ సంగతి దానంతటదే కనిపిస్తుంది.

బూట్ల వీడియోకి నేను ఆ పెట్టె టిక్ చేయలేదు. మొదటి వాక్యం మాత్రం మార్చి మళ్ళీ చెప్పాను: "ఈ బూట్లు నేను కొన్నవి, ఒంటి మీద బట్టలూ నేను కొన్నవే, ఎవరూ డబ్బులివ్వలేదు."