ఇల్లు మారుతున్నారా? సామాన్ల లిస్టు లేని కొటేషన్ ఒప్పుకోవద్దు

మొన్న బడులు తెరిచే ముందు మహబూబ్‌నగర్ నుంచి బెంగళూరుకు ఇల్లు మారిన ఒక కుటుంబం సామాను అక్కడికి చేరాక కూడా లారీలోనే ఉండిపోయింది. ఫోన్‌లో 24 వేలకు మాట్లాడుకున్నారు. దించేటప్పుడు ఇంకో 11 వేలు ఇస్తేనే తాళం తీస్తామన్నారు. కొటేషన్ కాగితం మీద ‘2 బీహెచ్‌కే సామాను’ అని ఒక్క లైనే ఉంది. దాంతో ఎవరి ముందు వాదించాలి?

రివ్యూలు చూడమని, డబ్బంతా ముందే ఇవ్వొద్దని అందరూ చెబుతారు, అవి వదిలేస్తున్నా. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది దెబ్బ తిన్నది ఒకేచోట: ముగ్గురి దగ్గర రేటు అడిగి, కింద ఉన్న మొత్తం చూసి తక్కువ వాడిని పిలిచారు. ముగ్గురూ ఒకే సామానుకు రేటు చెప్పారా అని చూడలేదు.

సామాను ఎంత?

వాళ్లు లెక్కించేది ఘనపుటడుగుల్లో, కొటేషన్‌లో సీఎఫ్‌టీ అని ఉంటుంది. టేపు పట్టుకుని మీరే కొలవండి. ఆరున్నర అడుగుల ఎత్తు, మూడు అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు లోతు ఉన్న బీరువా దాదాపు 29. మూడు సీట్ల సోఫా 50 దాటుతుంది. అన్ని వైపులా అడుగున్నర ఉన్న అట్టపెట్టెలు 30 ఉంటే వాటికే 100. వంటింటి సామాను అందరూ తక్కువగా అంచనా వేస్తారు, పెట్టెలు పెరిగేది అక్కడే.

ఇలా రాసిన ఒకే లిస్టు ముగ్గురికీ పంపండి. ఒకరు 350 అని, ఇంకొకరు 500 అని చెబితే ఏ వస్తువుకు ఎంత వేశారో అడగండి. 350 అన్నవాడే ఎక్కించే రోజు ‘డీసీఎంలో పట్టట్లేదు’ అంటాడు. 500 అన్నవాడు పెద్ద బండి అంటగడుతుండవచ్చు. లిస్టు లేకపోతే ఈ రెండూ మీకు కనబడవు.

దూరం, ప్యాకింగ్

మన దగ్గర నుంచి బెంగళూరు నేరుగా జాతీయ రహదారి 44 మీద దక్షిణానికే. కానీ చాలా కంపెనీల బండ్లు హైదరాబాద్ నుంచి వస్తాయి. ఆ ఖాళీ బండి వచ్చే దాదాపు 100 కిలోమీటర్లు ఎవరి ఖాతాలో ఉన్నాయో అడగండి. పార్ట్ లోడ్ అంటే ఇంకా జాగ్రత్త: మీ సామాను ముందు ఉత్తరానికి హైదరాబాద్ గోదాముకు వెళ్లి, అక్కడ దిగి, వేరే వాళ్ల సామానుతో మళ్లీ ఎక్కి, జడ్చర్ల మీదుగానే తిరిగి దక్షిణానికి వెళ్లవచ్చు. అంటే ఎక్కించి దించడం రెండింతలు. రేటు తక్కువ కావడానికి అదే కారణం.

ఇప్పుడు లెక్క చూడండి. మొదటివాడు 24 వేలు అన్నాడు, ప్యాకింగ్ విడిగా 5 వేలు, లిఫ్ట్ లేని మూడో అంతస్తుకు హమాలీ 2,500. మొత్తం 31,500. రెండోవాడు అన్నీ కలిపి 29,500. ఎక్కువ చెప్పినవాడే చవక. ‘ప్యాకింగ్ కలిపి’ అంటే ఏమిటో కూడా రాయించుకోండి: ఫ్రిజ్‌కు బబుల్ ర్యాప్ మీద అట్ట ఉంటుందా, టీవీకి చెక్క పెట్టె ఉంటుందా, లేక అన్నిటికీ పల్చటి ప్లాస్టిక్ చుట్టి సరిపెడతారా? వానల్లో ఈ తేడా పరుపుల మీద తెలుస్తుంది.

ఇన్సూరెన్స్

చాలామంది సామాను విలువ మీద 3 శాతం అడుగుతారు, దాని మీద 18 శాతం జీఎస్టీ. 4 లక్షల సామానుకు 12,000, పన్నుతో 14,160. అంత ఎందుకని లక్షే చూపిస్తే, 20 వేల నష్టానికి పాలసీ కంపెనీ అదే నిష్పత్తిలో 5 వేలే ఇవ్వవచ్చు.

‘ట్రాన్సిట్ రిస్క్’ అని బిల్లులో రాసి డబ్బు తీసుకున్నంత మాత్రాన అది ఇన్సూరెన్స్ కాదు. బండి కదలకముందే ఇన్సూరెన్స్ కంపెనీ సర్టిఫికెట్ మీ పేరుతో చేతికి రావాలి. ప్రమాదం, బోల్తా, అగ్ని మాత్రమేనా, విరగడం, గీతలు కూడా ఉన్నాయా చదవండి. మీరే సర్దిన పెట్టెలో గాజు పగిలితే సరిగా ప్యాక్ చేయలేదని తిరస్కరించవచ్చు, గాజు వాళ్లతోనే సర్దించండి.

ఇక మిగిలినవి. ఫోన్ రేటు నమ్మకండి. కొటేషన్ మీద లిస్టు, సీఎఫ్‌టీ, బండి సైజు ఉండాలి. లిస్టు లేకపోతే సంతకం వద్దు. టోల్, జీఎస్టీ కలిపా కాదా రాయించండి. అదనపు ఛార్జీ ఏ సందర్భంలో వేస్తారో అదే కాగితం మీద ఉండాలి. బంగారం, పట్టాలు, సర్టిఫికెట్లు లారీలో పెట్టకండి. సిలిండర్ వద్దు. ఎక్కించే ముందు ప్రతి వస్తువును ఫొటో తీయండి. బండి నంబర్ రాసుకోండి. మళ్లీ చెబుతున్నా, లిస్టు. లారీ రసీదు పారేయకండి: 2007 రోడ్డు రవాణా చట్టం ప్రకారం నష్టానికి కేసు వేయాలంటే, బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల లోపు రాతపూర్వక నోటీసు ఇచ్చి ఉండాలి. దించేటప్పుడు లిస్టుతో ఒక్కొక్కటి టిక్ పెట్టుకోండి. విరిగింది ఉంటే డెలివరీ కాగితం మీదే రాయండి, సంతకం ఆ తర్వాత.