చుక్క, మైనస్ గుర్తు పడటం లేదా? నెట్‌ను తిట్టే ముందు ఇది చూడండి

ఆన్‌లైన్ క్లాసులో కంప్యూటర్‌కు తగిలించిన ట్యాబ్లెట్ పెన్ను మొరాయించగానే చాలామంది టీచర్లు రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తారు, నిబ్ మారుస్తారు, చివరికి కొత్త ట్యాబ్లెట్ కొనాలేమో అని టెన్షన్ పడతారు. కానీ అర నిమిషంలో తేలిపోయే పని ఒక్కటి చేయరు. గీత విరిగిపోతోంది మీ తెర మీదా, పిల్లల తెర మీదా? ముందు అది తేల్చుకోండి. మీ ఫోన్‌తో అదే క్లాసులో విద్యార్థిలా చేరండి, ఫోన్‌లో ఆడియో కలపకండి, లేకపోతే గొంతు గింగుర్లు కొడుతుంది. ఇక రాస్తూ రెండు తెరలూ చూడండి. మీ తెర మీదే గీత సరిగ్గా పడకపోతే నెట్‌కు దానితో సంబంధం లేదు. మీ తెర మీద బాగుండి ఫోన్‌లో పాడైతే పెన్ను జోలికి వెళ్లకండి. ఈ ఒక్క తేడా చూడకుండా రోజుల తరబడి తప్పు చోట వెతికినవాళ్లను ఎంతమందిని చూశానో.

మీకు కనిపిస్తోంది, పిల్లలకు అసలు కనిపించడం లేదు

దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే. మీరు షేర్ చేసింది తెర మొత్తం కాదు, ఒక్క విండో. తెర మీద పైపైన గీసే అనొటేషన్ టూల్ విడిగా ఇంకో విండో, కాబట్టి అది షేర్‌లోకి రాదు. మీకు స్లైడ్ మీద ఎర్ర గీత కనిపిస్తుంది, వాళ్లకు ఉత్త స్లైడ్ కనిపిస్తుంది. షేర్ ఆపి, విండో బదులు స్క్రీన్ మొత్తాన్ని ఎంచుకోండి. లేదంటే మీటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్న అనొటేషన్‌తో గీయండి.

ఆ అనొటేషన్‌తో ఇంకో చిక్కుంది. మామూలుగా ఆ గీతలు తెరకు అంటుకుంటాయి, పేజీకి కాదు. పీడీఎఫ్ కిందికి జరిపితే గీతలు ఉన్నచోటే ఉండిపోయి, రెండో లెక్క కింద గీసిన గీత మూడో లెక్క మీదికి వస్తుంది. జరిపే ముందు చెరిపేయండి, లేదా పీడీఎఫ్ యాప్‌లో ఉన్న పెన్నుతోనే రాయండి.

గీత మొదలు తెగిపోతోంది, చుక్కలు పడటం లేదు

ఇక నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఇదే. 2.5 × 4 = 10 అని బోర్డు మీద రాశాను. ఒక అమ్మాయి "సార్, వంద కదా?" అంది. తెర మీద చూస్తే 25 × 4 అని ఉంది. నేను చుక్క పెట్టాను, చేతికి తెలుసు, కానీ తెర మీద లేదు. అదే క్లాసులో అంతకు ముందు రాసిన x = −3లో మైనస్ గుర్తు నలుసంతే మిగిలింది. నెట్ స్లో అనుకున్నాను, నిబ్ మార్చాను, డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను. మూడూ దండగే అయ్యాయి.

ఇది దొరకకపోవడానికి కారణం మనం టెస్ట్ చేసే పద్ధతే. పెన్ను పనిచేస్తోందా అని చూడాలంటే పెద్ద పెద్ద సున్నాలు చుడతాం, సంతకం పెడతాం. అవన్నీ నిక్షేపంగా వస్తాయి. పొడవైన గీతలో మొదట రెండు మిల్లీమీటర్లు పోయినా కంటికి ఆనదు. మొత్తం పొడవే రెండు మిల్లీమీటర్లున్న దశాంశ బిందువులో, మైనస్‌లో అదే పోతే గుర్తంతా పోయినట్టే. అందుకే టెస్ట్ వరస ఇలా రాయండి, క్లాసులో రాసే సైజులో, క్లాసులో రాసే వేగంతో:

```
1.2  3.4  -5  -6.7  i  j  =  :
```

ఇందులో ఏదైనా తగ్గితే నిబ్ దగ్గర నిదానంగా చూడండి. పెన్ను ఆనించి కదపకుండా ఉంచితే దాని చుట్టూ ఒక చిన్న వలయం విచ్చుకుంటుంది. దొంగ అక్కడే ఉన్నాడు. విండోస్‌లో పెన్నును ఒకేచోట కాసేపు నొక్కి పట్టడమంటే రైట్ క్లిక్ అని అర్థం. పెన్ను ఆనగానే ఇది గీతా, తట్టడమా, నొక్కి పట్టడమా అని సిస్టమ్ తేల్చుకోవాలి కాబట్టి ఆ కాసేపు ఆగుతుంది. పెన్నును నేరుగా చదవగలిగే రాత యాప్‌లలో ఇది ఇబ్బంది పెట్టదు. పెన్నును మౌస్‌లాగే చూసే అనొటేషన్ టూల్స్‌లో మాత్రం ఆ ఆగిన కాసేపట్లో గీసింది పోతుంది, లేదా వంపుకు బదులు తిన్నని ముక్కగా వస్తుంది.

సరిచేయడం తేలికే. `Control Panel` తెరిచి `Pen and Touch`లోకి వెళ్లండి. `Pen Options` కింద `Press and hold` అనే వరుసను ఎంచుకుని `Settings` నొక్కండి. అక్కడున్న `Enable press and hold for right-clicking` ముందు టిక్ తీసేసి `OK` కొట్టండి. రైట్ క్లిక్ పోతుందని భయం అక్కర్లేదు, పెన్ను పక్క బటన్‌కు దాన్ని పెట్టుకోవచ్చు. తర్వాత మీటింగ్ సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరిచి, పై వరస ఇంకోసారి రాయండి.

చాలామందికి ఇంతటితో సరిపోతుంది. కాకపోతే ట్యాబ్లెట్ డ్రైవర్ సెట్టింగ్స్‌లో `Windows Ink` పేరుతో ఉన్న టిక్ కూడా తీసి చూడండి. అప్పుడు పెన్ను మౌస్‌లా మాత్రమే పనిచేస్తుంది, అనొటేషన్ టూల్స్‌కు అదే హాయి. కానీ దీనికి మూల్యం ఉంది. ఒత్తిడిని బట్టి గీత లావు, సన్నం అవడానికి `Windows Ink` మీదే ఆధారపడిన యాప్‌లలో అది పోతుంది. పవర్‌పాయింట్ స్లైడ్ షోలో పెన్ను ఆనించగానే రాయడం కూడా ఆగిపోవచ్చు, అప్పుడు `Ctrl+P` నొక్కి రాసుకోవాలి. మీరు ఎక్కువగా పవర్‌పాయింట్‌లోనే రాసేవాళ్లయితే ఈ రెండో టిక్ తీయొద్దనే చెబుతాను.

రెండూ చేశాక కూడా గీతలన్నీ బాగుండి ఉత్త చుక్క మాత్రమే పడకపోతే అది ఆ టూల్ తీరు. కదలిక లేని తాకుడును కొన్ని టూల్స్ గీతగా లెక్కపెట్టవు. చుక్కను తాకి వదిలేయకుండా చిన్న ఏటవాలు గీతలా పెట్టండి, రెండు రోజుల్లో చేతికి అలవాటవుతుంది.

సున్నా కోడిగుడ్డు అవుతోంది

రెండో మానిటర్ తగిలించాక మొదలైతే ఇక వెతకక్కర్లేదు. తెర లేని ట్యాబ్లెట్ మొత్తం రెండు మానిటర్ల మీదా పరుచుకుంది. ఒకే రకం తెరలు పక్కపక్కన ఉంటే అడ్డంగా రెట్టింపు సాగుతుంది. డ్రైవర్‌లోని మ్యాపింగ్‌లో మీరు రాసే ఒక్క మానిటర్‌నే ఎంచుకోండి, నిష్పత్తి కాపాడే ఆప్షన్ ఉంటే అదీ ఆన్ చేయండి.

మిగతావి

నిబ్ అరిగితే గరగరలాడుతుంది, చేతికే తెలుస్తుంది. చార్జింగ్‌లో ఉన్నప్పుడే గీత వణికితే చార్జర్ పీకి చూడండి. పాత ట్యాబ్లెట్ డ్రైవర్ మిగిలి ఉంటే తీసేయండి. ఐప్యాడ్ వాళ్లకు పైన చెప్పిన టిక్‌ల గొడవ లేదు, పెన్సిల్ మొన వదులైందేమో తిప్పి బిగించండి.

డ్రైవర్ మళ్లీ వేసినప్పుడు `Windows Ink` టిక్ తిరిగి ఆన్ అయిపోవచ్చు. అప్‌డేట్ అయిన రోజు క్లాసుకు ముందు ఆ ఒక్క వరస రాసి చూసుకోండి.