పలకరించబోతే గొంతు పట్టేస్తోందా?

సమస్య: మెట్లు దిగుతూ “బాగున్నారా అన్నా” అని పదిసార్లు అనుకుంటాం. తీరా కిరాణా కొట్టు ముందు నిలబడితే “అర లీటరు పాలు” తప్ప నోట్లోంచి ఇంకో మాట రాదు.

కారణం: ధ్యాసంతా మన మీదే ఉంటుంది. గొంతు వణుకుతోందా, మొహం మారిందా అని లోపల చూసుకుంటూ ఎదుటి మనిషిని చూడనే చూడం. పైగా మొదటి మెట్టునే ఎత్తుగా కట్టుకుంటాం.

పరిష్కారం: కాగితం మీద చిన్న చిన్న పనులు రాసి, ఒక్కోదానికి ఎంత టెన్షనో 0 నుంచి 100లో మార్కులు వేయండి. నా కాగితం ఇది: కొట్టతని మొహం చూసి తలూపడం 25, సరుకు అడిగేటప్పుడు “అన్నా” అని చేర్చడం 35, కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు “బాగున్నారా” అనడం 50, సాయంత్రం రద్దీలో అదే మాట 65, లిఫ్టులో పై అంతస్తు అంకుల్‌ను నేనే ముందు పలకరించడం 80. తలూపడంతో మొదలుపెట్టాను. రోజూ అదే కొట్టుకు వెళ్లి, మార్కులు సగానికి తగ్గాకే పై మెట్టు ఎక్కాను. లోపలికి చూసుకుంటున్నానని తెలియగానే అతని చొక్కా రంగు గమనించేవాణ్ణి. ధ్యాస బయటికి వచ్చేది.

సమస్య: రెండు వారాలుగా చేస్తున్నా టెన్షన్ తగ్గడం లేదు.

కారణం: చేతిలో ఊతకర్ర ఉంది. నాకది ఫోన్. డబ్బు స్కాన్ చేస్తున్నట్టు తల దించుకునే “బాగున్నారా” అనేవాణ్ణి. ఏ గొడవా జరగకపోతే, ఫోన్ ఉండబట్టే గట్టెక్కానని మనసు లెక్కేసుకుంటుంది. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, గొణుగుతూ అనేసి గిరుక్కున తిరగడం కూడా ఇలాంటివే.

పరిష్కారం: ఒకసారికి ఒక ఊతం తీసేయండి. నేను వారం రోజులు ఫోన్ ఇంట్లో పెట్టి చిల్లరతో వెళ్లాను. మొదటిరోజు మార్కులు పెరిగాయి, అది మామూలే.

సమస్య: పలకరిస్తే బదులు రాలేదు. రాత్రంతా అదే ఆలోచన.

కారణం: జరిగినదానికి మన ఊహ అతుక్కుంది.

పరిష్కారం: వెళ్లేముందు “విసుక్కుంటాడు” అని మీ భయాన్ని రాయండి. వచ్చాక కంటితో చూసింది, చెవితో విన్నది మాత్రమే రాయండి. నా పుస్తకంలో ఆ రోజు: “చిల్లర లెక్కపెడుతున్నాడు. తలెత్తలేదు. పాలిచ్చాడు.” విసుగు ఎక్కడా లేదు.

సమస్య: పక్కింటి ఆంటీ “ఎక్కడికి బాబూ?” అంటే ఏం చెప్పాలో తెలియదు.

కారణం: దాన్ని నిజం ప్రశ్న అనుకుంటున్నాం. మన దగ్గర చాలాసార్లు అది పలకరింపే. “టిఫిన్ అయిందా?” కూడా అంతే, మెనూ చెప్పక్కర్లేదు.

పరిష్కారం: “ఇలా బయటికే ఆంటీ” అని నడుస్తూనే అనొచ్చు.

ఈ భయంతో నెలల తరబడి ఉద్యోగానికో బయటికో వెళ్లడమే మానేస్తే మాత్రం ఈ కాగితం చాలదు. క్లినికల్ సైకాలజిస్టును కలవండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్ చేయడమూ భయమైతే, ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ఈ ఊతకర్రకు మాత్రం అభ్యంతరం లేదు.